కదిలే కప్పీకి 2 రావాల్సిన చోట 1.7 వస్తే: మీటలు, కప్పీల పాఠం రెండు పీరియడ్లలో

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. 40 మంది పిల్లలు, రెండు పీరియడ్లు. మీటలు, కప్పీలు పిల్లలే బల్లల దగ్గర చేసి తెలుసుకునేలా పెట్టాలని ఉంది. ఏ బల్ల మీద ఏమి పెట్టాలి, వర్క్‌షీటులో ఏమి అడగాలి, యాంత్రిక లాభం ఎంతవరకు చెప్పాలి? ముందుగా నేనే చేసి చూస్తే కదిలే కప్పీతో ఆ లాభం, అంటే భారాన్ని బలంతో భాగిస్తే వచ్చేది, 2 రావడం లేదు, 1.7 దగ్గరే ఆగుతోంది. పిల్లలకు ఏమని చెప్పను?

జవాబు:

ఆ 1.7ను దాచిపెట్టకండి. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా విలువైన అంకె అదే. పుస్తకంలో 2 అని ఉంది కదా అని పిల్లలు పట్టికలో 2 రాసేస్తే వాళ్లు కొలిచింది ఏమీ ఉండదు. 1.7 అని రాసి, మిగిలిన 0.3 ఎక్కడికి పోయిందో వెతికితే యాంత్రిక లాభం నిజంగా అర్థమవుతుంది. అందుకే నేను పాఠాన్ని చివరి బల్ల నుంచి వెనక్కి అల్లుకుంటూ వస్తాను. చివర కదిలే కప్పీ ఉంటుంది. దానికి ముందు వచ్చేవన్నీ ఆ అంకెను చదవడానికి కావలసిన తయారీ.

మొదటి రోజు మీటలు, రెండో రోజు కప్పీలు పెట్టండి. సగం తరగతికి కప్పీలు ముందు, సగానికి మీటలు ముందు వచ్చేలా తిప్పితే సామాను ఆదా అవుతుంది గానీ వరుస చెడిపోతుంది. ఐదుగురికి ఒక జట్టు చొప్పున ఎనిమిది జట్లు వస్తాయి. రోజుకు రెండు రకాల బల్లలు, ఒక్కో రకానివి నాలుగు వేయండి. పదిహేను నిమిషాలకు జట్లు బల్లలు మార్చుకుంటాయి, చివరి పది నిమిషాలు నల్లబల్ల దగ్గర మాటలకు మిగులుతాయి. ఇలా చేస్తే స్ప్రింగ్ త్రాసులు నాలుగు చాలు. 10 న్యూటన్ల వరకు చూపేవి తీసుకోండి. వాటిలో సాధారణంగా ఒక్కో గీత 0.2 న్యూటన్లు ఉంటుంది, రెండు గీతల మధ్య సగం అంచనా వేయడం పిల్లలకు నేర్పితే 0.1 వరకు చదవగలరు. భారం అన్ని జట్లకూ ఒకటే: అర లీటరు నీళ్ల సీసా. త్రాసుకు తగిలించినప్పుడు సరిగ్గా 5 న్యూటన్లు చూపే వరకు నీళ్లు పోసి మూత బిగించండి.

మొదటి బల్ల మీద 30 సెంటీమీటర్ల స్కేలు, గుండ్రటి పెన్సిల్, రూపాయి బిళ్లలు ఉంటాయి. పెన్సిల్ దొర్లకుండా రెండు కొసలా టేపుతో బల్లకు అతికించండి. ఆరు పలకల పెన్సిల్ వద్దు, దాని పలక మీద స్కేలు బల్లపరుపుగా కూర్చుని, తూగకపోయినా తూగినట్టు నటిస్తుంది. స్కేలు 15వ గీత పెన్సిల్ మీద ఉండాలి. ఒక వైపు పెన్సిల్ నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఆరు బిళ్లలు దొంతరగా పెట్టి, రెండో వైపు మూడు బిళ్లలు ఎక్కడ పెడితే తూగుతుందో వెతకమనండి. 8 దగ్గర తూగుతుంది. రెండు బిళ్లలకు 12, నాలుగు బిళ్లలకు 6 వస్తుంది. మూడు జతలు రాశాక గుణిస్తే 24 వస్తోందని ఎవరో ఒకరు కనిపెడతారు, మీరు చెప్పనవసరం లేదు. అప్పుడు ఐదు బిళ్లలు ఇచ్చి, ముందు లెక్క కట్టి తరువాత పెట్టమనండి.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, స్కేలు గాలిలో నిలబడే వరకు పిల్లలు కదుపుతూనే ఉంటారు. అది నిలబడదు. బిళ్లల దొంతరను కాస్త లోపలికి జరిపితే ఒక పక్కకు, కాస్త బయటికి జరిపితే మరో పక్కకు స్కేలు ఒరగాలి. ఆ రెండు స్థానాల నడిమి గీతే జవాబు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోకండి. రెండోది బిళ్లల బరువు. 2011 శ్రేణి రూపాయి 3.79 గ్రాములు, 2019 శ్రేణి రూపాయి 3.09 గ్రాములు. రెండూ కలిసిపోతే లెక్క ఏ జట్టుకూ కుదరదు. ముందే వేరు చేసి ఇవ్వండి. చురుకైన జట్టు పని త్వరగా ముగిస్తే మాత్రం రెండు రకాలూ ఇచ్చి, సమాన దూరంలో ఎన్ని పాతవి ఎన్ని కొత్తవాటితో తూగుతాయో చూడమనండి. ఐదు పాతవి, ఆరు కొత్తవి దాదాపుగా సరితూగుతాయి.

రెండో బల్ల కాస్త జాగ్రత్తగా అమర్చాలి, ఎందుకంటే మర్నాటి కప్పీ ఇక్కడే మొదలవుతుంది. మీటరు స్కేలును బల్ల అంచు నుంచి బయటికి చాపండి. 5 సెంటీమీటర్ల గీత కింద, బల్ల అంచు వెంబడి పెన్సిల్ అతికించండి, అదే ఆధారం. 95వ గీత దగ్గర దారపు ఉచ్చు వేసి స్ప్రింగ్ త్రాసుతో పైకి ఎత్తి, స్కేలును సమతలంగా పట్టుకోవాలి. అంటే ఆధారం నుంచి చేయి 90 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో నీళ్ల సీసాను వేలాడదీయాలి. ఒక కొస ఆధారం, మధ్యలో భారం, రెండో కొస బలం, అంటే ఇది అడకత్తెర జాతి మీట. సీసాను 35, 50, 65 గీతల దగ్గర, అంటే ఆధారం నుంచి 30, 45, 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మూడు చోట్లా త్రాసు ఎంత చూపిందో రాయాలి.

సూత్రం ప్రకారం రావలసినవి సుమారు 1.7, 2.5, 3.3 న్యూటన్లు. పిల్లలకు వచ్చేవి 2.3, 3.1, 3.9 లాంటివి. మూడు చోట్లా తేడా ఒకటే, 0.6. ఈ సమాన తేడా మీద వాళ్ల దృష్టి పడేలా చేయండి. సీసా తీసేసి ఒట్టి స్కేలును ఎత్తమంటే త్రాసు అదే 0.6 చూపుతుంది. కర్ర స్కేలు బరువు 1.2 న్యూటన్ల దాకా ఉంటుంది, దాని బరువు నడిమి గీత దగ్గర పనిచేస్తుంది, ఆ గీత ఆధారానికీ చేతికీ సరిగ్గా మధ్యన ఉంది కాబట్టి సగం బరువు చేతి మీద పడుతోంది. మీ స్కేలు తేలికైతే అంకె మారుతుంది, పద్ధతి మారదు. కొలతకూ సూత్రానికీ తేడా వచ్చినప్పుడు దానికో కారణం ఉంటుందని, ఆ కారణాన్ని విడిగా తూచి చూడవచ్చని పిల్లలకు మొదటిసారి తెలిసేది ఈ బల్ల దగ్గరే. ఎత్తేటప్పుడు స్కేలు మొదటి కొస బల్లకు తగలకుండా చూడమనండి. తగిలితే ఆధారం పెన్సిల్ నుంచి ఆ కొసకు జారిపోతుంది.

మూడో రకం మీటలకు, అంటే బలం మధ్యలో ఉండేవాటికి, వేరే బల్ల అక్కరలేదు. పొడవు చీపురుతో ఊడ్చేటప్పుడు పై చేయి దాదాపు నిలకడగా ఉంటుంది, కింది చేయి కొంచెం కదులుతుంది, చీపురు కొస చాలా దూరం కదులుతుంది. అక్కడ బలం ఎక్కువ పెట్టి దూరం సంపాదిస్తున్నాం, యాంత్రిక లాభం 1 కన్నా తక్కువ. తరగతి గదిలో చీపురు ఉంటుంది కాబట్టి ఎవరినైనా పిలిచి ఊడ్చి చూపమనండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది.

మొదటి రోజు చివర యాంత్రిక లాభాన్ని నేను ఇంతే చెబుతాను: ఎత్తిన భారాన్ని, ఎత్తడానికి పెట్టిన బలంతో భాగిస్తే వచ్చేదే యాంత్రిక లాభం. 5 న్యూటన్ల సీసాను 2.5 న్యూటన్లతో ఎత్తితే లాభం 2. న్యూటన్లను న్యూటన్లతో భాగిస్తున్నాం కాబట్టి దానికి ప్రమాణం ఉండదు. ఆ వెంటనే రెండో ప్రశ్న వేస్తాను, ఇది వదిలితే పాఠం సగమే: చేయి ఎంత కదిలింది, సీసా ఎంత కదిలింది? రెండో బల్ల దగ్గరికి ఒకరిని పిలిచి, చేతిని 10 సెంటీమీటర్లు పైకి ఎత్తమని, 50వ గీత దగ్గరున్న సీసా ఎంత లేచిందో ఇంకొకరిని కొలవమంటాను. 5 సెంటీమీటర్లు. బలం సగమైంది, దూరం రెట్టింపైంది. యంత్రం పనిని తగ్గించదు, బలాన్ని తగ్గించి దూరాన్ని పెంచుతుంది, లేదా చీపురులాగా దానికి తలకిందులుగా చేస్తుంది. ఒకటో రకం, రెండో రకం అని పట్టీలు కంఠస్థం చేయించే సమయాన్ని ఈ ఒక్క మాట మీద ఖర్చు పెట్టడం మేలు.

రెండో రోజు సామాను: కిటికీ చువ్వ, లేదా రెండు బల్లల మీద అడ్డంగా పెట్టిన వెదురు కర్ర. హార్డ్‌వేర్ కొట్లో దొరికే చిన్న కప్పీలు. సన్నటి నైలాన్ దారం. పురికొస వాడకండి. అది కప్పీ చుట్టూ వంగడానికే కొంత బలం తింటుంది, దాని పీచు ఇరుసులో చుట్టుకుంటుంది. సీసాలు నేల నుంచి జానెడు ఎత్తు మించి లేవకుండా దారం పొడవు చూసుకుంటే, తెగినా ఎవరి కాలికీ దెబ్బ తగలదు.

మూడో బల్ల స్థిర కప్పీ. ఇక్కడ స్ప్రింగ్ త్రాసు ఇవ్వకండి. దారాన్ని కిందికి లాగడానికి త్రాసును తలకిందులుగా పట్టుకోవాల్సి వస్తుంది, అప్పుడు కొక్కెం బరువు ఎదురు దిశలో పనిచేసి కొలత తక్కువ చూపుతుంది. దానికి బదులు దారం ఒక కొసకు 5 న్యూటన్ల సీసా, రెండో కొసకు లీటరు ఖాళీ సీసా కట్టి, గరాటుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోయమనండి. మధ్యమధ్య కప్పీని వేలితో మెల్లగా తట్టాలి. నీళ్ల సీసా నిదానంగా కిందికి దిగి భారాన్ని ఎత్తడం మొదలుపెట్టగానే ఆపి, పక్క బల్ల త్రాసుతో దాన్ని తూచాలి. 5.8 న్యూటన్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు నీళ్లు తీస్తూ, భారమే కిందికి దిగడం మొదలయ్యే చోట ఆపి మళ్లీ తూచాలి. 4.3 వచ్చిందనుకుందాం. రెండింటి సగటు 5.05, భారానికి దాదాపు సమానం. ఎత్తేటప్పుడు ఘర్షణ మనకు ఎదురు నిలిచింది, దింపేటప్పుడు మనకు తోడు వచ్చింది. ఘర్షణ అనే కనిపించని దాన్ని పిల్లలు అంకెల్లో చూసేది ఇక్కడ. యాంత్రిక లాభం 5 ÷ 5.8, అంటే 0.86.

లాభం 1 కూడా రాకపోతే బావికి గిలక ఎందుకు పెట్టారని తప్పకుండా అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. గిలక లేకుండా బొక్కెనను చేదాలంటే వంగి, చేతుల బలంతో పైకి లాగాలి, లేదా తాడును బావి గట్టుకు ఒరిపిస్తూ లాగాలి. గిలక ఉంటే నిటారుగా నిలబడి కిందికి లాగుతాం, ఒంటి బరువు సాయానికి వస్తుంది. స్థిర కప్పీ ఇచ్చేది దిశ, బలం కాదు. జెండా కర్ర పైన ఉన్నదీ అదే.

ఇక నాలుగో బల్ల, కదిలే కప్పీ. దారం ఒక కొసను కర్రకు కట్టి, కప్పీ కింది నుంచి తిప్పి, రెండో కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి పైకి లాగాలి. సీసా కప్పీ కొక్కేనికి వేలాడుతుంది. ఇక్కడ త్రాసు నిటారుగానే ఉంటుంది కాబట్టి కొలత నమ్మదగ్గది. కప్పీని ముందే విడిగా తూచి రాసుకోవాలి. మెల్లగా, ఆగకుండా ఎత్తుతూ ఒకసారి, మెల్లగా దింపుతూ ఒకసారి చదవాలి. కుదుపుతో లాగితే ముల్లు ఎగిరిపడుతుంది, కదలకుండా పట్టుకుంటే ఘర్షణ ఏ పక్కకు పనిచేస్తోందో తెలియదు.

ఒక జట్టు కొలతలను చివరిదాకా లెక్క కట్టి చూద్దాం. భారం 5 న్యూటన్లు. కప్పీ 0.4. ఎత్తేటప్పుడు 2.9, దింపేటప్పుడు 2.5. యాంత్రిక లాభం 5 ÷ 2.9, సుమారు 1.7. మీకు వచ్చిన అంకె ఇదే. ఇప్పుడు ఎత్తిన, దింపిన కొలతల సగటు తీయండి: 2.7. ఘర్షణ పక్కకు పోయింది. రెండు దారాలూ చెరి 2.7 మోస్తే మొత్తం 5.4. అది 5 కాదు, 5కు 0.4 కలిపినది. అంటే కప్పీని కూడా మనమే ఎత్తుతున్నాం. నిన్న స్కేలును ఎత్తినట్టే. కాబట్టి 2.5 రావలసిన చోట 0.2 కప్పీ బరువుకు పోయింది, ఇంకో 0.2 ఘర్షణకు పోయింది. పోయినదంతా లెక్కకు వచ్చింది.

దూరాలు కూడా కొలవాలి. దారం మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి చూస్తే, సీసా 10 సెంటీమీటర్లు లేవడానికి చేయి 20 సెంటీమీటర్లు లేస్తుంది. ఈ నిష్పత్తి మాత్రం సరిగ్గా 2, ఘర్షణ ఎంత ఉన్నా మారదు. చేయి చేసిన పని 2.9 × 0.20 = 0.58 జౌళ్లు, సీసాకు అందినది 5 × 0.10 = 0.50 జౌళ్లు. వందకు 86 పాళ్లు అందింది, ఇదే ఈ కప్పీ దక్షత. పుస్తకం చెప్పే 2 దూరాల నుంచి వచ్చిన ఆదర్శ విలువ, మీ 1.7 బలాల నుంచి వచ్చిన నిజమైన విలువ. రెండూ సరైనవే, రెండింటినీ పక్కపక్కన రాయించండి.

మీ కొలత 1.7 కన్నా బాగా తగ్గి 1.5 దగ్గరికి వస్తే మాత్రం అమరికలో లోపం వెతకండి. ముందు దారాలను చూడండి. చేయి పక్కకు పోయి రెండు దారాలు వి ఆకారంలో విచ్చుకుంటే బలం పెరుగుతుంది. ఒక్కో దారం నిటారు నుంచి 30 డిగ్రీలు వాలితే ఘర్షణ లేకపోయినా 2 బదులు 1.73 వస్తుంది. దారం కట్టిన ముడి, చేయి, కప్పీ వెడల్పంత ఎడంలో ఉంటే దారాలు సమాంతరంగా నిలుస్తాయి. అవి సరిగానే ఉంటే దారం గాడి తప్పి కప్పీ అంచుకు రాసుకుంటోందేమో చూడండి. ఇరుసుకు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి మళ్లీ కొలిపిస్తే ఎత్తే అంకె, దింపే అంకె దగ్గరవుతాయి, సగటు మాత్రం కదలదు.

నల్లబల్ల దగ్గర ఒక్క బొమ్మ చాలు. పెద్ద వృత్తం గీసి, ఎడమ అంచున కర్రకు కట్టిన దారం, నడిమిన భారం, కుడి అంచున చేయి లాగే దారం గీయండి. ఆ మూడు బిందువుల మీదుగా అడ్డగీత గీయండి. అది నిన్నటి రెండో బల్ల, సీసా 50వ గీత దగ్గర ఉన్న స్కేలు. ఎడమ దారం తగిలే చోటు ఆధారం, నడుమకు ఒక వ్యాసార్ధం, చేతికి రెండు వ్యాసార్ధాలు, కాబట్టి లాభం 2. కప్పీ తిరిగే కొద్దీ మీట స్థానంలో కొత్త మీట వస్తూ ఉంటుంది. స్కేలుతో కొంచెమే ఎత్తగలిగాం, దీనితో దారం ఉన్నంత మేరా ఎత్తగలం. స్థిర కప్పీకి ఆధారం నడిమి ఇరుసే, రెండు వైపులా ఒకటే వ్యాసార్ధం, అందుకే అక్కడ 1.

వర్క్‌షీటు ఒక్క కాగితం మించకూడదు. నేను రాసే మాటలు ఇవి:

1. కొలవక ముందు: ఈ బల్ల దగ్గర ఎంత బలం కావాలని నీ అంచనా? (పెన్నుతో రాయి, తరువాత దిద్దకు.)
2. బిళ్లలు, దూరాలు నాలుగు జతలు రాయి. ప్రతి జతనూ గుణించు. ఏమి గమనించావు?
3. స్కేలు: సీసాతో కొలత, ఒట్టి స్కేలు కొలత, తేడా, భారం ÷ తేడా. మూడు చోట్లకూ రాయి.
4. స్థిర కప్పీ: ఎత్తడానికి ఎంత? దింపడానికి ఎంత? రెండూ ఎందుకు ఒకటి కావు?
5. కదిలే కప్పీ: కప్పీ బరువు, ఎత్తేటప్పుడు, దింపేటప్పుడు, సగటు. సగటును రెండుతో గుణిస్తే ఏమి వచ్చింది? అది దేని బరువు?
6. చేయి కదిలిన దూరం, సీసా లేచిన దూరం. రెండు పనులనూ లెక్క కట్టు. ఏది ఎక్కువ?
7. మీ ఇంట్లో లేదా పొలంలో ఉన్న ఒక పనిముట్టు బొమ్మ వేసి ఆధారం, భారం, బలం గుర్తించు. అది బలాన్ని ఆదా చేస్తుందా, దూరాన్నా?

మొదటి ప్రశ్నలో పెన్ను అనడం కావాలనే. అంచనా దిద్దుకునే వీలుంటే అందరి అంచనాలూ సరైనవే అవుతాయి. మార్కులు వేస్తే అంచనాకు వేయకండి, ఐదో ప్రశ్న చివరి ముక్కకు వేయండి. "సీసా, కప్పీ కలిపి" అని రాసిన వాళ్లకు పాఠం అందినట్టే. ఏడో ప్రశ్నకు గునపం, కత్తెర ఎక్కువగా వస్తాయి. ఎక్కడైనా తాత ఏతాం గురించి చెప్పాడని ఒకరు రాస్తే ఆ కాగితాన్ని తరగతికి చదివి వినిపించండి, అందులో మనుషులు దూలం మీద నడుస్తూ ఆధారం నుంచి బలానికి ఉన్న దూరాన్నే మార్చేవారు.

సమయం మిగిలితే నాలుగో బల్లకు పైన ఒక స్థిర కప్పీ కలిపి, దారాన్ని దాని మీదుగా కిందికి తిప్పండి. కప్పీలు రెండయ్యాయి కాబట్టి బలం ఇంకా తగ్గుతుందని తరగతిలో చాలామంది చేయి ఎత్తుతారు. నీళ్ల సీసాతో కొలిస్తే 2.9 ఉన్నది 3.4 దాకా పెరుగుతుంది, లాభం 1.5 దగ్గరికి దిగుతుంది. కిందికి దిగే దారం భారాన్ని మోయడం లేదు, భారాన్ని మోసే దారాలు ఇప్పటికీ రెండే, పైగా ఘర్షణ మాత్రం ఇంకో చోట చేరింది. మరి మేడ కట్టే చోట ఇలాగే ఎందుకు కడతారని అడగండి. పైన అంచున వేలాడుతూ లాగే బదులు కింద నేల మీద నిలబడి లాగవచ్చని, మూడో బల్ల దగ్గర గిలక గురించి విన్న పిల్లలు తామే చెబుతారు.